కేస్ ప్రెజెంటేషన్ ఎలా కట్టాలి: పరిస్థితి, ఆప్షన్లు, సిఫార్సు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎంబీఏ మొదటి టర్మ్‌లో చాలామందికి వచ్చే అనుమానాలే ఇవి. ఉత్త సూత్రాలు చెప్తే బుర్రకెక్కవు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే కేసు పట్టుకుని చెప్తాను: 2015లో మ్యాగీ నూడుల్స్. దీని మీద బీ-స్కూళ్లలో రకరకాల కేసులు తిరుగుతుంటాయి, మీ చేతికొచ్చినదాంట్లో అంకెలూ, కథ ఆగే తేదీ వేరుగా ఉండొచ్చు. ఇక్కడ మాత్రం కథని 2015 ఆగస్టు 13 దగ్గర ఆపేస్తున్నాను. ఎందుకు ఆపుతున్నానో కింద వస్తుంది.

ముందు ఆ కథేంటో క్లుప్తంగా చెప్తారా?

2014లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టర్ మ్యాగీ ప్యాకెట్లు తీసుకుని టెస్టుకి పంపారు. ప్యాకెట్ మీద "ఎంఎస్‌జీ కలపలేదు" అని ఉంది, టెస్టులో మాత్రం రుచి పెంచడానికి వేసే ఆ ఎంఎస్‌జీ కనబడింది. తర్వాత కోల్‌కతా ల్యాబ్‌లో సీసం 17.2 పీపీఎం ఉందని తేలింది, అనుమతి ఉన్నది 2.5 పీపీఎం వరకే. 2015 జూన్ 5న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తొమ్మిది రకాల మ్యాగీని ఆపేయమని ఆర్డర్ ఇచ్చింది, నెస్లే ఇండియా దేశమంతటి నుంచీ సరుకు వెనక్కి తీసుకుని సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీల్లో తగలబెట్టించింది. ఏప్రిల్-జూన్ క్వార్టర్‌లో కంపెనీకి 64 కోట్ల నష్టం వచ్చింది. అంతకుముందు ఏడాది అదే క్వార్టర్‌లో 288 కోట్ల లాభం.

ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ ఆర్డర్‌ని కొట్టేసింది. కంపెనీ వాదన సరిగా వినలేదనీ, టెస్టులు చేసిన ల్యాబులకు చట్టప్రకారం కావలసిన గుర్తింపు లేదనీ చెప్పింది. అయితే "రేపటినుంచి అమ్ముకోండి" అనలేదు. హైదరాబాద్, మొహాలీ, జైపూర్‌లలోని మూడు ల్యాబుల్లో ఆరు వారాల్లో మళ్ళీ టెస్ట్ చేయించాలి, పాసైతే తయారీ మొదలుపెట్టొచ్చు, ఆ కొత్త సరుకు కూడా టెస్టులో పాసైతేనే అమ్మాలి. అదే ఆగస్టు 1న సురేశ్ నారాయణన్ కొత్త మేనేజింగ్ డైరెక్టర్‌గా వచ్చారు. మీరు ఆయన కుర్చీలో ఉన్నారనుకోండి. అక్కడ మొదలవుతుంది ప్రెజెంటేషన్.

పరిస్థితి విశ్లేషణలో కేసు మొత్తం మళ్ళీ చెప్పాలా?

వద్దు. ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్ ఆ కేసుని మీకంటే ఎక్కువసార్లు చదివి ఉంటారు. అయినా సగానికి సగం టీమ్‌లు మొదటి ఐదు నిమిషాలు నెస్లే స్విట్జర్లాండ్‌లో ఎప్పుడు పుట్టిందో, మ్యాగీ ఇండియాకి 1980లలో ఎలా వచ్చిందో, "రెండు నిమిషాల్లో" అన్న ప్రచారం ఎంత హిట్టయిందో చెప్పుకుంటూ గడిపేస్తాయి. ఆ తర్వాత అసలు విషయానికి టైమ్ చాలదు.

నేను వాడే పరీక్ష ఒకటే. పరిస్థితి భాగంలో ఉన్న ప్రతి స్లైడ్‌నీ తీసుకుని, ఇది తర్వాత ఏ ఆప్షన్‌ని పైకి లేపుతోంది లేదా కింద పడేస్తోంది అని అడగండి. జవాబు లేకపోతే ఆ స్లైడ్ తీసేయండి. మ్యాగీ కేసులో ఈ వడపోత తర్వాత నాకు మిగిలేవి మూడే విషయాలు.

మొదటిది, సీసం గురించి ల్యాబులు ఒక్క మాట మీద లేవు. కోల్‌కతా ల్యాబ్ ఫెయిల్ అంది, ఢిల్లీ ప్రభుత్వం తీయించిన శాంపిళ్లలోనూ చాలావరకు ఫెయిలయ్యాయి. మరోపక్క గోవా పంపిన శాంపిళ్లని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ పాస్ చేసింది, సింగపూర్, బ్రిటన్ అధికారులు కూడా తమ దగ్గరికొచ్చిన మ్యాగీలో ప్రమాదం లేదన్నారు. కాబట్టి "మ్యాగీలో సీసం ఉంది" అనో "లేదు" అనో తీర్పు చెప్పడం మీ పని కాదు. మళ్ళీ టెస్ట్ చేస్తే ఫెయిలయ్యే అవకాశం ఎంత అన్నదే మీకు కావాలి.

రెండోది, లేబుల్ గొడవ వేరు. కంపెనీ వాదన ఏంటంటే, మేము ఎంఎస్‌జీ పొడి కలపలేదు, వేరుశెనగ ప్రొటీన్, ఉల్లిపొడి, గోధుమపిండి లాంటివాటిలో సహజంగా ఉండే గ్లూటమేట్ టెస్టులో కనబడుతోంది అని. టెక్నికల్‌గా అది నిజమే కావచ్చు, కానీ టీవీలో చూసిన అమ్మకి "లేదని రాశారు, ఉందని తేలింది" అన్నదే గుర్తుంటుంది. ఈ సమస్యకి ల్యాబూ అక్కర్లేదు, కోర్టూ అక్కర్లేదు, కంపెనీ తనంతట తానే ఆ మాట తీసేయొచ్చు.

మూడోది, టైమ్‌కి ఖరీదుంది. షెల్ఫ్ ఖాళీగా ఉన్న ప్రతి నెలా ఐటీసీ వారి యిప్పీ నూడుల్స్‌కీ, మిగతావాళ్లకీ దారి దొరుకుతుంది.

ఇంతే. దీని చివర ఒకే ఒక ప్రశ్నతో పరిస్థితి భాగం ముగియాలి: "మ్యాగీని ఎప్పుడు, ఏ పేరుతో, ఏ షరతుల మీద మళ్ళీ మార్కెట్లోకి తేవాలి?" ఈ ప్రశ్న రాయకుండా ఆప్షన్లకి వెళ్లిన టీమ్‌ని చూస్తే ఆప్షన్లు కూడా ఏదో గాల్లోంచి ఊడిపడ్డట్టే ఉంటాయి.

స్వాట్, పోర్టర్ ఐదు శక్తులు పెట్టకపోతే మార్కులు కట్ అవుతాయా?

ప్రొఫెసర్ ప్రత్యేకంగా అడిగితే పెట్టండి, అడక్కపోతే రఫ్ పేపర్ మీద చేసుకుని పక్కన పెట్టేయండి. స్వాట్ అనేది ఆలోచించడానికి పనికొచ్చే చిత్తు కాగితం, దాన్ని ఎత్తుకొచ్చి తెరమీద వేస్తే నాలుగు గళ్లలో పదహారు పాయింట్లు ఉంటాయి, వాటిలో పధ్నాలుగు ఎవరికీ అక్కర్లేదు. "బలం: బలమైన బ్రాండ్" అని రాస్తారు. మ్యాగీ బ్రాండ్ బలమైనదే, అందుకే దెబ్బ అంత గట్టిగా తగిలింది. అంటే అది బలమా, బలహీనతా? గళ్లలో పడేస్తే ఈ ముడి కనబడకుండా పోతుంది.

స్లైడ్ టైటిల్స్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. "లీగల్ నేపథ్యం" అని పెట్టకండి. "సీసం మీద ల్యాబులకే ఏకాభిప్రాయం లేదు, లేబుల్ మాత్రం మన చేతిలోనే ఉంది" అని పెట్టండి. టైటిల్స్ మాత్రమే వరసగా చదివినా వాదన అర్థమవ్వాలి.

కేసు ఆగిన తేదీ తర్వాత ఏం జరిగిందో గూగుల్‌లో దొరుకుతుంది కదా, వాడితే తప్పా?

తప్పే, అదీ మామూలు తప్పు కాదు. నిర్ణయం తీసుకునే మనిషికి ఆ రోజు తెలిసినవే మీకూ తెలుసు, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ తెలియదు, ఆట నియమమే అది. "మ్యాగీ తిరిగి వచ్చింది, జనం ఎగబడి కొన్నారు, కాబట్టి తిరిగి తేవాలి" అని చెప్తే మీరు వాదించినట్టు కాదు, జవాబుల పేజీ చూసి చెప్పినట్టు. పైగా ఫలితం బాగున్నంత మాత్రాన ఆ రోజు నిర్ణయం సరైనదని కాదు, అదృష్టం కలిసొచ్చి ఉండొచ్చు.

ఇది తెలివిగా దాచినా బయటపడిపోతుంది. పతంజలి నూడుల్స్ 2015 నవంబరులో వచ్చాయి. ఆగస్టు నాటి ప్రెజెంటేషన్‌లో పోటీదారుల జాబితాలో పతంజలి నూడుల్స్ పేరు కనబడిందంటే ప్యానెల్‌కి ఇంకేం ఆధారం కావాలి? కాబట్టి బయటి సమాచారం తెచ్చుకోండి కానీ దాని మీద తేదీ చూడండి, ఆగస్టు 13కి ముందుదైతే సరే.

ఎన్ని ఆప్షన్లు పెట్టాలి?

మూడు, మహా అయితే నాలుగు. కానీ సంఖ్య కంటే ముఖ్యం, తెలివైన మనిషి ఎవరైనా నిజంగా ఎంచుకోగలిగేవే ఉండాలి. చాలా టీమ్‌లు ఒక మంచి ఆప్షన్, దాని పక్కన ఓడిపోవడానికే పుట్టిన రెండు దిష్టిబొమ్మలు నిలబెడతాయి. "మ్యాగీని శాశ్వతంగా మూసేయడం" అలాంటిదే, కంపెనీ అమ్మకాల్లో పెద్ద వాటా ఉన్న వస్తువుని ఎవరు మూసేస్తారు? దాన్ని ఓడించినందుకు మీకు ఎవరూ చప్పట్లు కొట్టరు.

మ్యాగీకి నేను పెట్టేవి ఇవి. ఒకటి, కోర్టు చెప్పిన మూడు ల్యాబుల దారిలోనే వెళ్లి, పాసైన వెంటనే పాత పేరు, పాత రుచితో, ఎంఎస్‌జీ మాట తీసేసి మార్కెట్లోకి రావడం. లెక్కేస్తే అది నవంబరు దాకా పడుతుంది, ఎందుకంటే ఆరు వారాల టెస్టులు, ఆ తర్వాత తయారీ, మళ్ళీ కొత్త సరుకుకి టెస్టులు. రెండు, పాసైనా సరే ఇంకో ఆరు నెలలు ఆగడం. ఎందుకంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ సుప్రీంకోర్టుకి వెళ్లే అవకాశం ఉంది, కేంద్ర ప్రభుత్వం అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో దాదాపు 640 కోట్లు కోరుతూ కేసు వేసింది. మూడు, మ్యాగీ పేరుని కొన్నాళ్లు పక్కన పెట్టి, మార్చిన రెసిపీతో కొత్త పేరు మీద రావడం.

ఈ మూడింటికీ వాదించే మనుషులు అప్పుడు కంపెనీ లోపలే ఉండి ఉంటారని ఊహించగలం. లీగల్ వాళ్లు రెండోది అంటారు, సేల్స్ వాళ్లు మొదటిది అంటారు. అలా ఏదో ఒక డిపార్ట్‌మెంట్ మనస్ఫూర్తిగా సమర్థించే ఆప్షనే నిజమైన ఆప్షన్.

"ఏమీ చేయకపోవడం" కూడా ఆప్షనే అని కొందరు ప్రొఫెసర్లు పట్టుబడతారు. మన కేసులో అది రెండోదాంట్లో కలిసిపోయింది, కాబట్టి విడిగా పెట్టక్కర్లేదు.

ఆప్షన్లకి పదికి ఇన్ని అని మార్కులు వేసి టేబుల్ పెట్టాం. చాలదా?

ఈ టేబుల్ గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. ఐదు కొలబద్దలు, ఒక్కోదానికీ వెయిట్, మొత్తం కలిపితే మొదటి ఆప్షన్‌కి 7.8, రెండోదానికి 7.1. ఆ 7.8 ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే "టీమ్ డిస్కస్ చేసి వేశాం" అంటారు. అంటే ముందే నచ్చినదాన్ని ఎంచుకుని దానికి అంకెల చొక్కా తొడిగారన్నమాట. ప్యానెల్‌లో ఎవరైనా "కస్టమర్ నమ్మకానికి 30 శాతం బదులు 40 శాతం వెయిట్ ఇస్తే?" అంటే మొత్తం తారుమారు.

కొలబద్దలు కావాలి, అది వేరే మాట. కానీ అవి పరిస్థితి భాగంలోంచే పుట్టాలి, ఆప్షన్లు చెప్పడానికి ముందే వాటిని బయటపెట్టాలి. మనం పైన మూడు విషయాలు తేల్చాం కదా, అవే కొలబద్దలవుతాయి: రెండోసారి ఫెయిలయ్యే రిస్క్ ఎంత పెరుగుతుంది, లేబుల్ వల్ల పోయిన నమ్మకం తిరిగొస్తుందా, ఎంత టైమ్ పోతుంది. ఈ మూడింటి మీదే మూడు ఆప్షన్లనీ ఒకే వరసలో మాటల్లో తూచండి. ఒక ఆప్షన్‌ని ఖర్చు మీదా, ఇంకోదాన్ని బ్రాండ్ మీదా తూస్తే పోలికే లేదు.

మూడో ఆప్షన్ ఇక్కడే పడిపోతుంది. కొత్త పేరుకి మారితే "పాతదాంట్లో ఏదో ఉంది కాబట్టే మార్చారు" అని మనమే ఒప్పుకున్నట్టవుతుంది, నమ్మకం అనే కొలబద్ద మీద అది దెబ్బ. కొత్త రెసిపీని తీర్చిదిద్దాలి, ఫ్యాక్టరీలో కుదర్చాలి, జనానికి కొత్త పేరు అలవాటు చేయాలి, కాబట్టి టైమ్ కూడా కలిసిరాదు. అలా ఒక నిమిషంలో దాన్ని పక్కన పెట్టి, అసలు పోటీ ఒకటికీ రెండుకీ మధ్య అని చెప్పేయండి. మూడింటికీ సమానంగా టైమ్ ఇవ్వాలని ఎక్కడా లేదు.

కేసులో కావలసిన అంకెలు లేవు. అప్పుడు లెక్క ఎలా చేస్తాం?

ఊహలు పెట్టుకుని చేస్తాం, అవి ఊహలని స్లైడ్ మీద రాస్తాం. చాలామంది ఈ భయంతోనే అంకెల జోలికి పోరు. కానీ సుమారు లెక్క కూడా లేని సిఫార్సు ఎంత బాగా మాట్లాడినా గాలి మాటే.

ఇదిగో ఇలా. నెస్లే ఇండియా 2014 అమ్మకాలు 10 వేల కోట్లకి కొంచెం తక్కువ. అందులో మ్యాగీ నూడుల్స్ ఏడాదికి 2,000 కోట్లు అనుకుందాం (ఊహ). అమ్మిన ప్రతి వంద రూపాయల్లో ముడిసరుకు, రవాణా వగైరా పోను 40 మిగులుతాయనుకుందాం (ఇదీ ఊహే). అంటే ఏడాదికి 800 కోట్లు, ఆరు నెలలు ఆగితే 400 కోట్లు పోతాయి. ఆగడానికి మనం కట్టే ధర అది.

ఇప్పుడు రెండో వైపు. తొందరపడి వచ్చి మళ్ళీ ఒక ల్యాబ్‌లో ఫెయిలైతే? మొదటి రీకాల్‌కి కంపెనీ ఆ క్వార్టర్ లెక్కల్లో చూపిన ఖర్చు దాదాపు 450 కోట్లు. రెండోసారి అదే ఖర్చు, దానికి తోడు రెండేళ్ల సంపాదన పోతుందనుకుందాం, 1,600 కోట్లు. మొత్తం 2,050 కోట్లు.

400ని 2,050తో భాగిస్తే సుమారు 20 శాతం. అర్థమేంటంటే, రెండోసారి ఫెయిలయ్యే అవకాశం ఐదో వంతు కంటే తక్కువని మీరు నమ్మితే వెంటనే రావడం మేలు, ఎక్కువని నమ్మితే ఆగడం మేలు. ఇక్కడ ఆగితే ఆ రిస్క్ పూర్తిగా పోతుందని లెక్కేశాను, అంటే రెండో ఆప్షన్‌కి అనుకూలంగానే లెక్క కట్టాను. ఈ మాట ప్యానెల్‌కి చెప్పండి, ఎదుటి ఆప్షన్‌కి న్యాయం చేశారని వాళ్లకి తెలుస్తుంది.

తర్వాత ఒక్క ఊహని మార్చి చూపించండి. తిరిగొచ్చిన మొదటి ఆరు నెలల్లో పాత కస్టమర్లలో సగం మందే కొంటే? అప్పుడు ఆగడం వల్ల పోయేది 200 కోట్లే, గీత 10 శాతానికి దిగుతుంది. ఇంకా మొదటి ఆప్షనే గెలుస్తుందా అన్నది ఆ 10 శాతం మీద మీకున్న నమ్మకాన్ని బట్టి ఉంటుంది. అన్ని ఊహలనీ మార్చి పెద్ద ఎక్సెల్ షీటు తెరమీద వేయకండి, ఎవరూ చదవరు, అదంతా బ్యాకప్‌లో ఉంచుకోండి.

సరే, సిఫార్సు ఎలా రాయాలి?

ఒక్క వాక్యంలో, ఎవరు ఏం ఎప్పటిలోగా చేయాలో తెలిసేలా. "మ్యాగీని తిరిగి తేవాలి" అన్నది సిఫార్సు కాదు, కోరిక. "మూడు ల్యాబుల్లో ప్రతి శాంపిల్ పాసైతే, పాత పేరుతోనే, ఎంఎస్‌జీ మాట లేని కొత్త ప్యాకెట్‌లో, ముందు మసాలా రకం ఒక్కటే, నవంబరులో మార్కెట్లోకి తేవాలి, ఒక్క శాంపిల్ ఫెయిలైనా ఆపేయాలి" అన్నది సిఫార్సు.

ఇందులో "ఒక్క శాంపిల్ ఫెయిలైనా ఆపేయాలి" అన్న ముక్క చూశారా, చాలా స్లైడ్లలో ఉండనిది అదే. ఏది జరిగితే మీరు మనసు మార్చుకుంటారో ముందే చెప్పాలి. అది లేకపోతే సిఫార్సు మొండిపట్టులా కనబడుతుంది.

అమలు గురించి గంటల తరబడి చెప్పక్కర్లేదు. మొదట ఏ పని, దానికి ఎవరు బాధ్యులు, ఎక్కడ ఆగి చూసుకోవాలి, ఈ మూడూ చాలు. మ్యాగీ విషయంలో ఆగి చూసుకునే చోట్లు కోర్టే ఇచ్చేసింది: పాత శాంపిళ్ల ఫలితం వచ్చినప్పుడు ఒకసారి, కొత్త సరుకు ఫలితం వచ్చినప్పుడు ఇంకోసారి. బడ్జెట్ గళ్లు, గాంట్ చార్టులు అడిగితే తీయండి.

సిఫార్సుని డిఫెండ్ చేయడం అంటే దాని లాభాలు చెప్పడమే కదా?

కాదు. లాభాలు ఆప్షన్ల భాగంలోనే అయిపోయాయి, మళ్ళీ చెప్తే వింటున్నవాళ్లు గడియారం చూసుకుంటారు. డిఫెండ్ చేయడం అంటే మీ సిఫార్సు మీద వచ్చే అన్నిటికంటే గట్టి అభ్యంతరాన్ని మీరే ఎత్తి, దానికి జవాబు చెప్పడం. గట్టిది అంటున్నాను, తేలికైనది కాదు. "అడ్వర్టైజింగ్ ఖర్చు ఎక్కువ కదా" లాంటిది ఎత్తి కొట్టిపారేస్తే ఎవరికీ నమ్మకం కుదరదు.

మన కేసులో గట్టి అభ్యంతరం ఇది: హైకోర్టు ఆర్డర్‌ని కొట్టేసింది పద్ధతి సరిగ్గా లేదన్న కారణంతో. మ్యాగీ సురక్షితమని సర్టిఫికెట్ ఇవ్వలేదు. మరి ఫెయిలయ్యే అవకాశం 20 శాతం కంటే తక్కువని మీకెలా తెలుసు?

జవాబు మూడు మెట్లలో రావాలి. ముందు ఒప్పుకోండి: నిజమే, కోర్టు తీర్పుని సురక్షితానికి సాక్ష్యంగా మేం వాడటం లేదు. తర్వాత మీ దగ్గరున్న సాక్ష్యం: సీఎఫ్‌టీఆర్ఐ ఫలితం, విదేశీ అధికారుల ఫలితాలు, వీటికి కోల్‌కతా ల్యాబ్‌తో సంబంధం లేదు. ఎగుమతి సరుకూ, ఇక్కడ అమ్మే సరుకూ ఒకటి కాకపోవచ్చని కూడా మీరే అనండి, ప్యానెల్ అనకముందే. ఆఖరుగా, సిఫార్సులోనే రక్షణ ఉందని చూపించండి: ఫెయిలైతే అది షెల్ఫ్ మీదికి రాకముందే తెలుస్తుంది, కాబట్టి 2,050 కోట్ల దెబ్బ తగలాలంటే రెండు దశల్లోనూ పాసైన సరుకు ఆ తర్వాత ఎక్కడో ఫెయిలవ్వాలి. ఆ అవకాశం మొదటి టెస్టులో ఫెయిలయ్యే అవకాశం కంటే చాలా తక్కువ.

చివరి ముక్కే అసలు వాదన. దాన్ని ఒక స్లైడ్‌కి ఇవ్వండి.

రెండు ఆప్షన్లు కలిపి "హైబ్రిడ్" సిఫార్సు చేయొచ్చా?

నిర్ణయం తప్పించుకోవడానికైతే వద్దు. "కొన్ని రాష్ట్రాల్లో పాత పేరు, కొన్ని రాష్ట్రాల్లో కొత్త పేరు" అంటే రెండు ఆప్షన్ల ఖర్చులూ మీవే, లాభం మాత్రం ఏ ఒక్కదానిదీ పూర్తిగా రాదు. దశలవారీగా వెళ్లడం వేరు, మసాలా ముందు, మిగతావి తర్వాత అనడం మొదటి ఆప్షన్‌నే జాగ్రత్తగా అమలు చేయడం. కలిపినప్పుడు దాన్ని విడి ఆప్షన్‌గా ముందే పెట్టి, అదే కొలబద్దల మీద తూచారా అన్నదే తేడా. సిఫార్సు స్లైడ్‌లో మొదటిసారి పుట్టుకొచ్చిన ఆప్షన్‌ని ప్యానెల్ వెంటనే పట్టుకుంటుంది.

సిఫార్సు మొదటే చెప్పేయాలా, చివరిదాకా దాచాలా?

మొదటే చెప్పండి. మొదటి నిమిషంలో ఒక్క వాక్యం. సస్పెన్స్ సినిమాకి బాగుంటుంది, బోర్డ్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకి చిరాకు. మీరు ఎటు వెళ్తున్నారో తెలిస్తేనే పరిస్థితి భాగంలో ఏది ఎందుకు చెప్తున్నారో వాళ్లకి అర్థమవుతుంది. క్లాసులో చర్చ కోసం ప్రొఫెసర్ ప్రత్యేకంగా దాచమంటే అప్పుడు దాచండి.

పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఎలా పంచుకోవాలి?

పరిస్థితికి నాలుగు నిమిషాలు దాటనివ్వకండి, ఆప్షన్లకి ఐదు, మిగతాదంతా సిఫార్సుకీ దాని రక్షణకీ. మామూలుగా జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. పరిస్థితికే తొమ్మిది నిమిషాలు తినేసి, చివర్లో "టైమ్ లేదు కాబట్టి త్వరగా" అంటూ సిఫార్సుని పరిగెత్తిస్తారు.

కారణం కూడా తెలిసిందే, పని పంచుకునే పద్ధతి. ఐదుగురు టీమ్, ఐదు ముక్కలు, ఎవరి స్లైడ్లు వాళ్లవి, ప్రెజెంటేషన్ ముందురోజు రాత్రి వాట్సాప్‌లో కలుపుతారు. పరిస్థితి చేసిన అబ్బాయికి సిఫార్సు ఏంటో కూడా తెలియదు, అందుకే దొరికిందంతా పెడతాడు. దీనికి నేను చెప్పే మందు, వెనక నుంచి కట్టడం: ముందు అందరూ కూర్చుని సిఫార్సు వాక్యం, దాని మీద వచ్చే గట్టి అభ్యంతరం రాసుకోండి, దాన్నిబట్టి కొలబద్దలు, వాటినిబట్టి పరిస్థితి స్లైడ్లు. ఈ క్రమంలో ఒక ప్రమాదం ఉంది, నచ్చిన జవాబుకి తగ్గ ఆధారాలే ఏరుకునే ప్రమాదం. అందుకని టీమ్‌లో ఒకరికి రెండో ఆప్షన్ తరఫున వాదించే పని అప్పగించండి, వాళ్లు నెగ్గితే సిఫార్సు మార్చండి.

ఇంతకీ మ్యాగీ విషయంలో చివరికి ఏం జరిగింది?

ప్రెజెంటేషన్ అయిపోయాక ప్రొఫెసర్ ఎలాగూ చెప్తారు కాబట్టి ఇక్కడా చెప్పేస్తాను. అక్టోబరులో మూడు ల్యాబుల ఫలితాలూ వచ్చాయి, అన్ని శాంపిళ్లూ పాసయ్యాయి. కొత్త సరుకూ పాసయ్యాక 2015 నవంబరు 9న, దీపావళికి రెండు రోజుల ముందు, మ్యాగీ మళ్ళీ షాపుల్లోకి వచ్చింది, "ఎంఎస్‌జీ కలపలేదు" అన్న మాట లేకుండా. అదే నెలలో ఎఫ్ఎస్ఎస్ఏఐ సుప్రీంకోర్టుకి వెళ్లింది, అంటే రెండో ఆప్షన్ వాళ్లు భయపడినదీ నిజమే అయింది. అయినా అమ్మకాలు ఆగలేదు. ఆ 640 కోట్ల కేసుని వినియోగదారుల కమిషన్ 2024లో కొట్టేసింది. కోర్టుల్లో తేలేదాకా ఆగి ఉంటే ఎన్నేళ్లు పట్టేదో లెక్క మీరే వేసుకోండి.

ప్యానెల్ అడిగినదానికి జవాబు తెలియకపోతే?

రెండు రకాల "తెలియదు" ఉంటాయి. కేసులో ఉండి మీరు చూడనిది ఒకటి, దానికి సాకు లేదు, ఎగ్జిబిట్లు సరిగా చదవలేదన్నమాట. కేసులోనే లేనిది రెండోది. "హైదరాబాద్ ల్యాబ్‌లో ఒక శాంపిల్ సరిగ్గా 2.4 పీపీఎం వస్తే పాసే కదా, మార్కెట్లోకి వెళ్తారా?" అని అడిగారనుకోండి. చట్టప్రకారం పాసే. కానీ మీ లెక్కంతా రెండోసారి ఫెయిలయ్యే అవకాశం మీద నిలబడి ఉంది, గీతకి అంత దగ్గరగా వస్తే ఇంకో ల్యాబ్‌లో గీత దాటొచ్చు. కాబట్టి "ఆ రకం ఒక్కటీ ఆపి, కారణం తెలిసేదాకా మిగతావాటితో వెళ్తాం" అనొచ్చు. అంటే జవాబు తెలియకపోయినా మీ కొలబద్దల దగ్గరికి వెళ్తే జవాబు తయారవుతుంది. అక్కడికి వెళ్లకుండా టీమ్‌లో ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు మైక్ లాక్కుని తలో మాట చెప్పడం మొదలుపెడితే మాత్రం పని చెడుతుంది. ఏ రకం ప్రశ్న ఎవరు తీసుకోవాలో ముందే అనుకోండి: అంకెలు ఒకరికి, లీగల్ ఒకరికి, మిగతావి సిఫార్సు చెప్పిన మనిషికి.